పింగ్ ఎందుకు ఎగిరిపడుతుంది: బఫర్‌బ్లోట్, దాని విరుగుడు

రౌటర్‌లోనో మోడెంలోనో డేటా ప్యాకెట్లు బయటికి వెళ్లే వంతు కోసం అవసరానికి మించి నిలబడిపోవడాన్ని బఫర్‌బ్లోట్ అంటారు. ఈ జబ్బు ఉన్న ఇంట్లో ఎవరూ నెట్ వాడనప్పుడు ఆన్‌లైన్ ఆట సాఫీగా సాగుతుంది. ఇంకొకరి ఫోను వీడియోలను క్లౌడ్‌కు పంపడం మొదలుపెట్టగానే తెర మీద పాత్రలు గెంతుతాయి, పేల్చిన తూటా ఆలస్యంగా తగులుతుంది, 20 దగ్గర ఉన్న పింగ్ 200 దాటుతుంది. స్పీడ్ టెస్ట్ చేస్తే మాత్రం ప్లాన్‌లో చెప్పిన వేగం పూర్తిగా వస్తూనే ఉంటుంది. చాలామందిని తికమక పెట్టేది ఇదే. స్పీడ్ టెస్టులో పెద్దగా కనిపించే అంకె ఒక సెకనులో ఎంత డేటా వెళ్లిందో చెబుతుంది కానీ, ఒక్కో ప్యాకెట్ ఎంతసేపు ఆగిందో చెప్పదు. ఆటకు కావలసింది ఈ రెండో లెక్క.

ఆట వాడుకునే డేటా చాలా తక్కువ. ఆటగాడు ఎటు కదిలాడు, ఏం నొక్కాడు అన్న సమాచారం చిన్న చిన్న ప్యాకెట్లుగా సెకనుకు కొన్ని పదుల సార్లు సర్వర్‌కు వెళుతుంది. సర్వర్ నుంచి ఇతర ఆటగాళ్ల కదలికలు అలాగే తిరిగి వస్తాయి. ఇదంతా కలిపినా సాధారణంగా ఒక మెగాబిట్ కూడా నిండదు. వాలరెంట్ లాంటి ఆటల్లో సర్వర్ సెకనుకు 128 సార్లు లెక్క సరిచూసుకుంటుంది. అంటే దాదాపు 8 మిల్లీసెకన్లకు ఒకసారి. ఒక ప్యాకెట్ దారిలో 200 మిల్లీసెకన్లు ఆగిందంటే ఆ లోపు సర్వర్ పాతిక సార్లు లెక్క పూర్తి చేసేసి ఉంటుంది. ఆలస్యం నిలకడగా ఉంటే ఆట ప్రోగ్రాం కొంతవరకు సర్దుకుంటుంది. బఫర్‌బ్లోట్‌లో ఆ నిలకడ కూడా ఉండదు. క్యూ పెరుగుతూ తరుగుతూ ఉంటుంది కాబట్టి పింగ్ క్షణానికో రకంగా మారుతుంది.

ప్యాకెట్లు ఎందుకు ఆగుతాయో ఒక ఇంటి లెక్కతో చూద్దాం. ఆ ఇంట్లో 40 మెగాబిట్ల ఫైబర్ కనెక్షన్ ఉంది, డౌన్‌లోడ్‌కూ అప్‌లోడ్‌కూ అదే వేగం. ముంబైలోని గేమ్ సర్వర్‌కు మామూలు పింగ్ 20 మిల్లీసెకన్లు. ఇంట్లో వైఫై వేగం నూరు మెగాబిట్ల పైనే ఉంటుంది. పెళ్లి వీడియోలు పంపుతున్న ఫోను ఆ వేగంతో రౌటర్‌కు డేటా అందించగలదు. రౌటర్ నుంచి బయటికి వెళ్లే దారి మాత్రం 40 మెగాబిట్లే. మిగిలిన డేటా ఎక్కడో ఒకచోట ఆగాలి. అది ఆగే మెమొరీయే బఫర్. బఫర్‌లో ఒక మెగాబైట్ పేరుకుందనుకుంటే అది 8 మెగాబిట్లు. సెకనుకు 40 చొప్పున ఖాళీ కావడానికి సెకనులో ఐదో వంతు, అంటే 200 మిల్లీసెకన్లు పడుతుంది. అప్పుడు వచ్చిన గేమ్ ప్యాకెట్ ఆ వరుసకు చివర చేరి, తన ముందున్నదంతా వెళ్లేదాకా ఆగుతుంది. 20 ఉన్న పింగ్ 220 అయ్యేది ఇలాగే. అదే బఫర్ 10 మెగాబిట్ల అప్‌లోడ్ ఉన్న ఇంట్లో నిండితే ఆలస్యం 800 మిల్లీసెకన్లు. దారి ఇరుకైన కొద్దీ అదే మెమొరీ అంత ఎక్కువ ఆలస్యం చేస్తుంది.

అప్‌లోడ్ క్యూ నిండితే డౌన్‌లోడ్ కూడా మందగించడం చాలామంది గమనించే ఉంటారు. ఏదైనా డౌన్‌లోడ్ సాగాలంటే అందిన డేటాకు అందిందన్న కబురు అవతలి సర్వర్‌కు వెళుతూ ఉండాలి. ఆ చిన్న కబుర్లు కూడా అదే అప్‌లోడ్ వరుసలో చిక్కుకుంటాయి. కబురు ఆలస్యమైతే పంపేవాడు ఆగి చూస్తాడు. ఒక్క ఫోను ఫొటోలు పంపుతుంటే ఇల్లంతా నెట్ మొరాయించడానికి అసలు కారణం ఇది.

పరికరాలు చేసేవాళ్లు ఇంత పెద్ద బఫర్లు ఎందుకు పెట్టారు? మెమొరీ చవకైంది. ప్యాకెట్ పోవడం తప్పు, పోకుండా దాచుకోవడం మంచిది అన్న నమ్మకం కూడా బలంగా ఉండేది. ఇంటర్నెట్ నడిచే పద్ధతికి ఈ నమ్మకం సరిపడదు. 1986లో ఇంటర్నెట్ రద్దీతో కుప్పకూలినంత పనైంది. ఆ తర్వాత 1988లో వ్యాన్ జేకబ్సన్ ప్రకటించిన పరిశోధన పత్రం టీసీపీకి రద్దీని బట్టి సర్దుకోవడం నేర్పింది. టీసీపీ వేగం పెంచుకుంటూ పోతుంది. ఏదో ఒక ప్యాకెట్ పోయిందని తెలిశాక దారి నిండిందని గ్రహించి తగ్గుతుంది. ప్యాకెట్ పోవడమే దానికి హెచ్చరిక. బఫర్ పెద్దదైతే ఆ హెచ్చరిక ఆలస్యమవుతుంది, బఫర్ పూర్తిగా నిండేదాకా టీసీపీ డేటాను తోస్తూనే ఉంటుంది. టోల్ గేటు ముందు ఖాళీ స్థలాన్ని ఎంత పెంచినా నిమిషానికి దాటే బండ్ల సంఖ్య పెరగదు, వరుస మాత్రం పెరుగుతుంది. బఫర్ విషయంలో జరిగింది అదే.

ఈ సంగతి చాలాకాలం ఎవరి దృష్టికీ సరిగా రాలేదు. 2010లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌కు చెందిన జిమ్ గెటిస్ తన ఇంటి నుంచి పెద్ద ఫైళ్లు కాపీ చేస్తుండగా ఆలస్యం సెకను దాటడం చూసి, కారణం వెతుకుతూ పోయి ఈ బఫర్ల దగ్గర తేలాడు. బఫర్‌బ్లోట్ అన్న పేరు పెట్టింది ఆయనే. డేవ్ టాట్ లాంటి వాళ్లు ఆయనతో కలిసి, చవక రౌటర్ల మీదే పరిష్కారాలను పరీక్షించే ఉద్యమం నడిపారు. ఈనాడు ఇంటి రౌటర్లలో దొరికే స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్, పొట్టిగా ఎస్‌క్యూఎం, ఆ కృషి నుంచి వచ్చిందే.

ఎస్‌క్యూఎం మూడు పనులు కలిపి చేస్తుంది. మొదటిది క్యూ పొడవును కాదు, ప్యాకెట్ నిరీక్షణను కొలవడం. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వ్యాన్ జేకబ్సన్ ప్రకటించిన కోడెల్ పద్ధతిలో ప్రతి ప్యాకెట్ మీద లోపలికి వచ్చిన వేళ నమోదవుతుంది. బయటికి పంపేటప్పుడు అది ఎంతసేపు ఆగిందో చూస్తారు. కాసేపు క్యూ పెరిగి తగ్గితే ఇబ్బంది లేదు, బఫర్ ఉన్నదే అందుకు. 100 మిల్లీసెకన్లలో ఒక్కసారైనా నిరీక్షణ 5 మిల్లీసెకన్ల లోపుకు దిగకపోతే మాత్రం అది వదలని క్యూ అని అర్థం. అప్పుడు ఒక ప్యాకెట్‌ను కావాలనే పారేస్తుంది. పంపేవాడికి హెచ్చరిక వెంటనే అందుతుంది, వేగం తగ్గుతుంది. తగ్గకపోతే ఇంకొంచెం త్వరగా ఇంకొకటి. పారేసిన ప్యాకెట్‌ను టీసీపీ మళ్లీ పంపుకుంటుంది కాబట్టి ఫైలుకు నష్టం లేదు.

రెండోది వరుసలను విడదీయడం. అందరినీ ఒకే వరుసలో నిలబెట్టకుండా ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో వరుస ఇచ్చి, వంతుల వారీగా పంపుతుంది. లినక్స్‌లో `fq_codel` అనే పద్ధతి మామూలుగా 1024 వరుసలు ఉంచుకుంటుంది. పెళ్లి వీడియో తన వరుసలో తాను నిండుతుంది. గేమ్ ప్యాకెట్ తన సొంత వరుసలోకి వస్తుంది, అక్కడ దాని ముందు ఎవరూ ఉండరు. పైగా అప్పుడప్పుడు కొంచెం మాత్రమే పంపే కనెక్షన్లకు ముందు వంతు దొరుకుతుంది. ఆట, వీడియో కాల్‌లో మాట, వెబ్‌సైట్ పేరు వెతికే డీఎన్ఎస్ ప్రశ్న, ఇవన్నీ ఆ కోవలోకి వస్తాయి. ఏది ఆట, ఏది కాదు అని రౌటర్‌కు ఎవరూ చెప్పనక్కరలేదు. పాతకాలపు క్యూఓఎస్ మెనూల్లో ఒక్కో ఆటకు పోర్టు నంబర్లు వెతికి ప్రాధాన్యం ఇచ్చుకునే తంటా దీనితో పోయింది, నిజానికి ఈ పద్ధతిలోని అసలు గొప్ప ఇక్కడే ఉంది.

మూడోది వేగాన్ని కొంచెం తగ్గించడం. ఇది విని వెనక్కి తగ్గేవాళ్లు ఎక్కువ కాబట్టి కొంచెం వివరంగా చూడాలి. క్యూ ఎప్పుడూ దారిలో అన్నిటికంటే ఇరుకైన చోట పేరుకుంటుంది. ఆ చోటు సాధారణంగా కంపెనీ ఇచ్చిన ఫైబర్ పెట్టెలోనో, కంపెనీ వైపు ఉన్న పరికరంలోనో ఉంటుంది. అక్కడి బఫర్ మీద ఇంటివాళ్లకు అధికారం లేదు. ఇంటి రౌటర్ 40కి బదులు 36 మెగాబిట్లే పంపితే ఇరుకు చోటు రౌటర్‌లోకి మారుతుంది. అవతలి బఫర్ ఎప్పుడూ నిండదు, క్యూ అంతా మన పద్ధతి నడిచే చోటే ఉంటుంది. పోయిన 4 మెగాబిట్లు ఆ అధికారానికి చెల్లించే వెల. డౌన్‌లోడ్ విషయంలో ఇది కాస్త అడ్డదారి పని. డేటా ఇరుకు చోటు దాటి ఇంటికి వచ్చేసిన తర్వాత రౌటర్ దాన్ని 36కు బిగించి, అవసరమైతే ప్యాకెట్లు పారేసి, అవతలి సర్వర్లు నెమ్మదించేలా చేస్తుంది. అందుకే అప్‌లోడ్‌లో వచ్చినంత కచ్చితమైన ఫలితం డౌన్‌లోడ్‌లో రాదు. అయినా ఆటకు సరిపోయేంత వస్తుంది.

ఏదైనా మార్చే ముందు జబ్బు అదేనని తేల్చుకోవాలి. ఒక కంప్యూటర్‌ను ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లు రెండు తెరిచి ఒకదానిలో రౌటర్‌కు, రెండోదానిలో బయటి చిరునామాకు పింగ్ నడపాలి. రౌటర్ చిరునామా కొన్ని ఇళ్లలో వేరుగా ఉంటుంది.

```
ping -t 192.168.1.1
ping -t 8.8.8.8
```

రెండూ నిలకడగా ఉన్నాయని చూసుకున్నాక ఇంకో పరికరం నుంచి పెద్ద వీడియో అప్‌లోడ్ చేయాలి. రౌటర్‌కు పింగ్ ఒకటి రెండు మిల్లీసెకన్ల దగ్గరే ఉండి, బయటి పింగ్ మాత్రం 20 నుంచి 200కు ఎగిరి, అప్‌లోడ్ ఆపగానే దిగివస్తే అది బఫర్‌బ్లోట్. ఇంట్లో ఏమీ నడవకపోయినా బయటి పింగ్ ఎక్కువగానే ఉంటే కారణం దూరమో, కంపెనీ నెట్‌వర్క్‌లో రద్దీయో. దానికి ఎస్‌క్యూఎం పనికిరాదు. కేబుల్ మీద అంతా బాగుండి వైఫై మీద మాత్రమే ఆట గెంతితే తప్పు వైఫైది. కమాండ్లు ఇష్టం లేనివాళ్లు fast.com తెరిచి `Show more info` నొక్కితే `Unloaded`, `Loaded` అని రెండు ఆలస్యాలు కనిపిస్తాయి. ఆ రెండింటి తేడాయే క్యూ.

ఇప్పుడు పరికరం సంగతి. కంపెనీలు ఇచ్చే పెట్టెల్లో ఎస్‌క్యూఎం ఉండటం అరుదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించగలిగే రౌటర్ కొని ఆ పెట్టె వెనక పెట్టుకోవడం ఎక్కువమంది ఎంచుకునే దారి. యుబిక్విటి రౌటర్లలో `Smart Queues` అన్న పేరుతో ఇది ఉంటుంది, మైక్రోటిక్ రౌటర్ఓఎస్ 7లోనూ ఉంది. కొత్త రౌటర్ పెట్టాక కంపెనీ పెట్టెలోని వైఫైని ఆపేయడం మరిచిపోకూడదు. ఒక్క ఫోను ఆ పాత వైఫైకి అతుక్కుని ఉన్నా దాని అప్‌లోడ్ కొత్త రౌటర్‌ను తాకకుండా నేరుగా బయటికి పోతుంది, పాత బఫర్ మళ్లీ నిండుతుంది. అన్నీ సరిగ్గా చేసినా ఫలితం రాలేదనేవాళ్ల ఇళ్లలో ముందుగా చూడవలసింది ఇదే.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టిలో `System → Software` పేజీకి వెళ్లి `luci-app-sqm` ప్యాకేజీని ఎక్కిస్తే `Network → SQM QoS` అనే కొత్త పేజీ వస్తుంది. ముందు ఎస్‌క్యూఎం ఆపి ఉంచి, కేబుల్ మీద, వేర్వేరు వేళల్లో, ముఖ్యంగా రద్దీగా ఉండే సాయంత్రం స్పీడ్ టెస్ట్ చేసి తక్కువగా వచ్చిన అంకెను తీసుకోవాలి. ప్లాన్ కాగితం మీది అంకె దీనికి పనికిరాదు. పై ఇంట్లో సాయంత్రం కూడా 40 వస్తోందనుకుంటే, అందులో 90 శాతం 36 మెగాబిట్లు. పేజీలో ఆ అంకెను కిలోబిట్లలో అడుగుతుంది కాబట్టి 36000 అని వేయాలి. ఇంటర్‌ఫేస్ దగ్గర బయటికి వెళ్లే `wan` పోర్టును ఎంచుకోవాలి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో రౌటరే కనెక్ట్ అయ్యే ఇళ్లలో అది `pppoe-wan` అని ఉంటుంది. క్యూ పద్ధతిగా `cake`, స్క్రిప్టుగా `piece_of_cake.qos` సరిపోతాయి. కేక్ అనేది `fq_codel` తర్వాత వచ్చిన మెరుగైన పద్ధతి, 2018లో లినక్స్ 4.19తో పాటు వచ్చింది. ఇవే అమరికలు కమాండ్ల రూపంలో:

```
uci set sqm.@queue[0].interface='pppoe-wan'
uci set sqm.@queue[0].download='36000'
uci set sqm.@queue[0].upload='36000'
uci set sqm.@queue[0].qdisc='cake'
uci set sqm.@queue[0].script='piece_of_cake.qos'
uci set sqm.@queue[0].linklayer='ethernet'
uci set sqm.@queue[0].overhead='44'
uci set sqm.@queue[0].enabled='1'
uci commit sqm
/etc/init.d/sqm restart
```

చివర్లోని 44 ఒక్కో ప్యాకెట్‌కు దారిలో అదనంగా తగిలే బైట్ల లెక్క. దాన్ని కొంచెం ఎక్కువగా వేసినా నష్టం లేదు, తక్కువ వేస్తే చిన్న ప్యాకెట్లు ఎక్కువైనప్పుడు లెక్క తప్పి కంపెనీ పెట్టెలో క్యూ మళ్లీ మొదలవుతుంది.

ఇప్పుడు అదే పరీక్ష మళ్లీ. వీడియో అప్‌లోడ్ సాగుతుండగా బయటి పింగ్ 20 నుంచి 25 మధ్య నిలబడితే పని అయినట్టే. 1500 బైట్ల పెద్ద ప్యాకెట్ ఒకటి 36 మెగాబిట్ల దారిలో వెళ్లడానికి మిల్లీసెకనులో మూడో వంతు చాలు. గేమ్ ప్యాకెట్ తన వంతు కోసం అలాంటివి ఒకటి రెండు దాటేదాకా ఆగితే సరిపోతుంది. ఆ తర్వాత అంకెను 37000, 38000 అని పెంచుకుంటూ ప్రతిసారీ పింగ్ చూడాలి. ఎక్కడ పింగ్ మళ్లీ ఎగరడం మొదలైందో దానికి ఒక మెట్టు కింద ఆగాలి. మొదట్లోనే ఎగిరితే 34000, 32000 అని దించాలి. డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండింటినీ విడివిడిగా సరిచూడటం మంచిది.

టొరెంట్ నడిచే ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఒక్క కంప్యూటరే పదుల కొద్దీ కనెక్షన్లు తెరిస్తే, వంతులు కనెక్షన్ల వారీగా ఉన్నాయి కాబట్టి అది ఎక్కువ భాగం లాగేస్తుంది. కేక్‌లో ముందు పరికరాల మధ్య, ఆ తర్వాత ఒక్కో పరికరంలోని కనెక్షన్ల మధ్య పంచమని చెప్పవచ్చు. `Queue Discipline` పేజీలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్లు తెరిచి, లోపలికి వచ్చే వైపు `nat dual-dsthost ingress` అనీ, బయటికి వెళ్లే వైపు `nat dual-srchost` అనీ రాస్తే చాలు.

ఈ పనికి రౌటర్‌లోని ప్రాసెసర్ ప్రతి ప్యాకెట్‌నూ ముట్టుకోవాలి. చాలా రౌటర్లు గిగాబిట్ వేగం చూపించేది ప్యాకెట్లను ప్రాసెసర్‌కు తగలకుండా పక్కదారి పట్టించే హార్డ్‌వేర్ ఆఫ్‌లోడింగ్ వల్ల. అది ఆన్‌లో ఉంటే ఎస్‌క్యూఎంకు ప్యాకెట్లు కనిపించవు, కాబట్టి ఆపేయాలి. ఆపాక పాత చవక రౌటర్లు నూరు, నూట యాభై మెగాబిట్ల దగ్గరే అలసిపోతాయి. 36000 వేసినా 25 మాత్రమే వస్తున్నదంటే స్పీడ్ టెస్ట్ నడుస్తుండగా రౌటర్‌లో `top` కమాండ్ ఇచ్చి చూడాలి. `sirq` పక్కన అంకె నూరుకు దగ్గరగా ఉంటే ప్రాసెసర్ చాలడం లేదని అర్థం. వేగం దించడమో రౌటర్ మార్చడమో తప్ప వేరే దారి లేదు.

మొబైల్ నెట్ వాడే ఇళ్లలో స్థిరమైన అంకె కుదరదు. 4జీ, 5జీ వేగం టవర్ మీది రద్దీని బట్టి నిమిషానికో తీరుగా మారుతుంది. 36 అని బిగిస్తే వేగం 15కు పడిన క్షణంలో ఇరుకు చోటు మళ్లీ టవర్ వైపు వెళ్లిపోతుంది. పింగ్‌ను గమనిస్తూ అంకెను తానే మార్చే `cake-autorate` అనే స్క్రిప్టు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టి మీద దొరుకుతుంది, కాస్త ఓపిక ఉన్నవాళ్లు ప్రయత్నించవచ్చు. వైఫైలో పేరుకునే క్యూ కూడా ఈ అమరికకు అందదు. దానికి రౌటర్‌లోని వైఫై డ్రైవరే ఇలాంటి పద్ధతి పాటించాలి. ఆట ఆడే కంప్యూటర్‌కు కేబుల్ వేయడం అన్నిటికంటే తేలిక.

దూరాన్ని తగ్గించడం మాత్రం ఏ రౌటర్ వల్లా కాదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్ దాదాపు 3,300 కిలోమీటర్లు. తీగ తిన్నగా పరిచినా వెళ్లి రావడానికి 33 మిల్లీసెకన్లు పడుతుంది, అసలు దారి అంతకంటే పొడవు. అందుకే ఆటలో సర్వర్ ఎంచుకునే వీలుంటే ముంబై లాంటి దగ్గరి సర్వర్‌నే ఎంచుకోవాలి.

40 మెగాబిట్ల ప్లాన్‌ను 100కు పెంచితే ల్యాగ్ పోతుందని చాలా ఇళ్లలో నెలనెలా అదనంగా కడుతున్నారు. అదే ఒక మెగాబైట్ క్యూ 100 మెగాబిట్ల దారిలో కూడా 80 మిల్లీసెకన్లు ఆపుతుంది. ప్లాన్ మార్చే ముందు ఒక సాయంత్రం వీడియో అప్‌లోడ్ పెట్టి పింగ్ చూడండి. ఎగిరితే ముందు క్యూ సంగతి చూసుకోండి.